ప్లాస్టిక్ కవర్లు, పూల రాశుల గురించి ఆలయంలో భక్తుల మనసు నొప్పించని మనవి పలక రాయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ గుడికి వెళ్లినా గోడ మీద ఏదో ఒక నిషేధ సూచన కనిపిస్తుంది. దాని కిందనే కవర్లు కుప్పపడి ఉండడం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. భక్తులకు శ్రద్ధ లేక అలా జరుగుతోందని నేను అనుకోను. గుడికి వచ్చే మనిషి మొక్కుతోనో కృతజ్ఞతతోనో బెంగతోనో వస్తాడు. చేతిలో ఉన్న మూరెడు దండ అతనికి దేవుడితో మాట్లాడే మాట. ఆ మాటను గడప దగ్గరే తప్పుపడితే అతడు పలకను చదవడు, చదివినా మనసుకు పట్టించుకోడు. అందువల్ల ఈ మార్గదర్శి మనవి పలకను ఏ క్రమంలో సిద్ధం చేసుకోవాలో, ఏ వాక్యం ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు చెడుతుందో ఒకే ఉదాహరణ ఆధారంగా వివరిస్తుంది.

ఉదాహరణ కోసం నాగావళి ఒడ్డున ఒక మధ్యతరహా శివాలయాన్ని ఊహించుకుందాం. గర్భగుడి చిన్నది, పక్కన కోనేరు ఉంది, గుడి వీధిలో పది పన్నెండు పూజాసామగ్రి దుకాణాలు ఉన్నాయి. కార్తీక సోమవారాల్లో తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి నదీస్నానాలు చేసి జనం వరుసలో నిలబడతారు. ఆలయ కమిటీ కార్తీకానికి నెల ముందు పలక రాయాలని కూర్చుంది. ఆ నెల వ్యవధి అవసరమే, ఎందుకంటే రాసే పనికన్నా ముందు చేయవలసిన పనే ఎక్కువ.

మొదటి మెట్టు: కవరు ఏ పనికి వస్తోందో చూడడం

ఒక సోమవారం ఉదయం ఇద్దరు కార్యకర్తలు గుడి వీధి మొదట్లో అరగంట నిలబడి లెక్క రాసుకోవాలి. ఎవరినీ ఆపనవసరం లేదు, ప్రశ్నించనవసరం లేదు. ఎంతమంది వచ్చారు, వారిలో ఇంటి నుంచే బుట్టతోనో సంచితోనో వచ్చినవారు ఎందరు, దుకాణంలో కొని కవరుతో వచ్చినవారు ఎందరు అన్న మూడు అంకెలు చాలు. మన ఉదాహరణలో అరగంటకు నూట ఇరవై మంది వచ్చారనీ, నలభై మంది ఇంటి నుంచి సొంత బుట్టలు తెచ్చుకున్నారనీ, మిగిలిన ఎనభై మందిలో డెబ్బై మంది చేతుల్లో దుకాణం ఇచ్చిన కవర్లు ఉన్నాయనీ అనుకుందాం. ఈ లెక్కను బట్టి కవరు సమస్య చాలావరకు దుకాణం గల్లా దగ్గర పుడుతోందని తెలుస్తుంది. గుడి ద్వారం దగ్గర పలక పెడితే అది చదివేసరికి కవరు చేతిలోకి వచ్చేసి ఉంటుంది. అప్పుడు భక్తుడికి చేయగలిగింది ఏమీ ఉండదు, తప్పు చేశానన్న ఇబ్బంది మాత్రం మిగులుతుంది.

అదే ఇద్దరు కార్యకర్తలు మరో అరగంట బయటికి వచ్చే దారిలో కూడా నిలబడాలి. చాలా కమిటీలు ఈ పని వదిలేస్తాయి గానీ, కవరు అసలు గుట్టు అక్కడే తెలుస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు భక్తుడి చేతిలో కొట్టిన కొబ్బరి చిప్పలు, అరటిపళ్లు, పులిహోర ప్రసాదం, నదిలో మునిగిన తడిబట్టలు ఉంటాయి. కొందరు చెప్పులు పోతాయేమోనని వాటిని కూడా కవరులో చుట్టి వెంట ఉంచుకుంటారు. అంటే ఒక్క కవరు నాలుగు పనులు చేస్తోంది. పూలు తేవడానికి మాత్రమే బదులు చూపించి మిగిలిన మూడింటినీ మరిచిపోతే భక్తుడు పలక చదివి, ఒప్పుకుని కూడా కవరు తెచ్చుకుంటాడు. అతని వైపు నుంచి చూస్తే అది న్యాయమే.

రెండో మెట్టు: బదులు వస్తువు పలకకన్నా ముందు రావాలి

పూలకు, పత్రికి మన ప్రాంతంలో అడ్డాకు దొప్పను మించినది లేదు. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ గ్రామాల్లో సేకరించి కుట్టే ఈ ఆకుల విస్తర్లు, దొప్పలు ఇక్కడ అందరికీ తెలిసినవే. ఎండిన అడ్డాకు పెళుసుగా మారి విరుగుతుంది కాబట్టి దుకాణదారులు ముందురోజు సాయంత్రం దొప్పల కట్ట మీద కొద్దిగా నీళ్లు చల్లి గోనెపట్టా కప్పి ఉంచితే మెత్తబడతాయి. అయితే దొప్ప కొబ్బరికాయ బరువు మోయలేదు. కొబ్బరికాయకు, పళ్లకు వెదురు బుట్ట కావాలి. స్థానికంగా మేదరవారు అల్లే చిన్న బుట్టలను కమిటీ కొని దుకాణాలకు ఇచ్చి, భక్తుడి దగ్గర ముప్పై రూపాయలు జమగా తీసుకుని, తిరిగి ఇచ్చినప్పుడు ఆ ముప్పై రూపాయలు వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. ఏ దుకాణంలో తీసుకున్నా ఏ దుకాణంలోనైనా ఇవ్వవచ్చన్న నియమం ముఖ్యం. అది లేకపోతే జనం వెనక్కి నడవలేక విసుగుపడతారు.

ఎన్ని దొప్పలు కావాలో మొదటి మెట్టులోని లెక్కే చెబుతుంది. అరగంటకు డెబ్బై చొప్పున ఉదయం నాలుగు నుంచి తొమ్మిది వరకు ఐదు గంటలకు ఏడు వందలు అవుతాయి. అన్ని గంటలూ రద్దీ ఒకేలా ఉండదు, కొన్ని దొప్పలు చిరుగుతాయి కూడా. కాబట్టి వెయ్యి సిద్ధం చేసుకుంటే మొదటి సోమవారం ఇబ్బంది ఉండదు. దొప్పలు ఏడు గంటలకే అయిపోయి దుకాణదారుడు మళ్లీ కవరు తీయడం కన్నా పలక నమ్మకాన్ని దెబ్బతీసేది మరొకటి లేదు.

తిరుగు ప్రయాణానికి ప్రసాదాన్ని అరటాకు ముక్కలోనో కాగితపు పొట్లంలోనో కట్టి ఇవ్వాలి, చెప్పులకు టోకెన్ ఇచ్చే స్టాండు ఉండాలి. తడిబట్టల విషయంలో మాత్రం నేను పట్టుబట్టను. నీళ్లు కారే చీరను గుడ్డసంచిలో పెట్టమని అడగడం ఆచరణకు నిలవదు. ఆ ఒక్క కవరును గుడి ఆవరణలో వదలకుండా ఇంటికి తీసుకెళ్లమని అడిగితే చాలు. నిలబడని కోరిక ఒకటి చేరిస్తే పక్కనున్న నిలబడే కోరికలు కూడా తేలిపోతాయి.

దుకాణదారులతో కూర్చున్నప్పుడు చట్టం మాట చెప్పవలసింది వారికే. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలు, చెంచాలు, అలంకరణ థర్మాకోల్ వంటి వస్తువులపై నిషేధం ఉంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు అమ్మకూడదు, ఇవ్వకూడదు. గుడి వీధిలో పూల పొట్లానికి ఇచ్చే పలుచని కవరు ఈ పరిమితికి చాలా కిందనే ఉంటుంది. ఈ సంగతిని దుకాణదారుడికి ఎదురుగా కూర్చుని మర్యాదగా చెబితే సరిపోతుంది. భక్తులు చదివే పలక మీదికి ఎక్కించనవసరం లేదు.

ఇక్కడే జరిగే ఒక పొరపాటు గురించి ముందే హెచ్చరిస్తున్నాను. కవర్లు ఆపిన వారం రోజులకే దుకాణాల్లో గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు వేలాడతాయి. వాటిలో చాలావరకు నాన్ వోవెన్ సంచులు, అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను అతికించి చేసినవి. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన గుడ్డలో నిలువు, అడ్డం దారాల నేత కనిపిస్తుంది, నీటిచుక్క వేస్తే పీల్చుకుంటుంది. ఈ సంచిలో నేత ఉండదు, చుక్క పైన నిలబడుతుంది. పలక మీద సంచి మాట రాయవలసి వస్తే ఉత్తి సంచి అని కాకుండా నూలు సంచి అని రాయాలనడానికి కారణం ఇదే.

మూడో మెట్టు: పూల కొలత అర్చకస్వామి నోట రావాలి

కవరు సంగతి వేరు, పూల సంగతి వేరు. కవరు తేవద్దంటే ఎవరి భక్తికీ లోటు అనిపించదు. పూలు తగ్గించమంటే మాత్రం దేవుడికి ఇచ్చేదానిలో కోత పెడుతున్నారన్న బాధ కలుగుతుంది. ఆ మాట కమిటీ అధ్యక్షుడు చెబితే నిర్వాహకుల సౌకర్యంలా వినిపిస్తుంది, అర్చకస్వామి చెబితే పూజావిధానంలా వినిపిస్తుంది. కాబట్టి పలక రాయడానికి ముందు ఆయనను మూడు విషయాలు అడగాలి. స్వామికి ఏ పూలు, ఏ పత్రి అవసరం? ఒక్కో భక్తుడు ఎంత తెస్తే అదంతా నిజంగా స్వామి మీదికి చేరుతుంది? మిగిలినవి ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే మనవికి బలమైన కారణం దొరుకుతుంది. రద్దీ రోజున బుట్టెడు బంతిపూలు తెచ్చిన భక్తుడి పూలలో గుప్పెడు మాత్రమే లింగం మీదికి చేరుతాయి. మిగిలినవి పక్కనున్న గంపలో పడి, గంట తిరగకుండానే వెనుకవైపుకు వెళ్తాయి. అర్చకస్వామికి కూడా ఇది ఇష్టమైన పని కాదు. దోసెడు పూలైతే అన్నింటినీ సమర్పించగలనని ఆయన అంటే, మన పలకకు ప్రాణం లాంటి వాక్యం ఆయన ఇచ్చినట్టే. తక్కువ పూలు తేవాలన్న మాట అక్కడ అవసరమే లేదు, తెచ్చిన ప్రతి పువ్వూ స్వామిని చేరాలన్నది అసలు మాట అవుతుంది. దోసెడు అన్న కొలత కూడా ఎంతో మేలైనది. కిలో, అరకిలో అంటే తూకం కావాలి, కొద్దిగా అంటే ఎవరి కొద్ది వారిది. దోసిలి ప్రతి మనిషికీ ఉంటుంది, దేవుడి ముందు పట్టేది కూడా అదే.

మొక్కు ఉన్నవారికి దారి మూయకూడదు. బిడ్డ జబ్బు నయమైతే లక్షపత్రి పూజ చేయిస్తానని మొక్కుకున్న తల్లికి దోసెడు చాలని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఆమె ఆలయ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుంటే రద్దీ లేని రోజున తీరికగా ఆ పూజ జరిపించే ఏర్పాటు ఉండాలి. ఆ సంగతి పలక మీద ఒక వాక్యంగా ఉండాలి. ఈ వాక్యం ఉన్నప్పుడు మిగిలిన మనవి అంతా మెత్తగా వినిపిస్తుంది.

ఏ గుడికి ఆ గుడి కారణాన్ని వెతుక్కోవాలి. శ్రీకూర్మంలో ఆలయ ఆవరణలో తాబేళ్లను పెంచుతారు, కూర్మనాథుని రూపాన్నే అక్కడ భక్తులు ప్రేమగా చూస్తారు. అటువంటి చోట ఆకులు తినే ప్రాణుల దగ్గర కవరు ముక్క పడకూడదన్న ఒక్క మాట చాలు, వేరే వాదన అక్కరలేదు. అరసవల్లిలో రథసప్తమి సంప్రదాయమే చిక్కుడాకులు, జిల్లేడాకులు, పిడకల మీద పొంగించిన పాలతో నడుస్తుంది కాబట్టి ఆకు వాడకం గురించి కొత్తగా నేర్పవలసింది లేదు, ఉన్న ఆచారాన్ని గుర్తుచేయడమే మనవి అవుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున జనసముద్రంలో ఎవరూ పలక చదవరు. అక్కడ తొలేళ్లకు ముందే దుకాణాల్లోనూ మైకులోనూ జరగవలసిన పని ఇది. ఒక ఊరి పలకను మరో ఊరు నకలు చేసుకుంటే అక్షరాలు మిగులుతాయి గానీ కారణం పోతుంది.

నాలుగో మెట్టు: వాక్యాలు రాయడం

మన కమిటీలో మొదట తయారైన పలక ఇలా ఉందనుకుందాం:

"భక్తులకు హెచ్చరిక. ఆలయ ప్రాంగణంలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం. ఎన్నిసార్లు చెప్పినా ప్రతిరోజూ వందలాది భక్తులు కవర్లు, పూలు పడవేసి ఆలయాన్ని చెత్తకుప్పగా మారుస్తున్నారు. పూలు అధికంగా తీసుకురారాదు. ఉల్లంఘించినవారిపై చర్యలు తీసుకోబడును."

ఇందులో కఠినంగా కనిపించేది హెచ్చరిక అన్న మాట, చర్యలు తీసుకోబడును అన్న మాట. అవి తీసేయడం తేలికే. అసలు హాని మధ్య వాక్యంలో ఉంది. ప్రతిరోజూ వందలాది మంది పడవేస్తున్నారని రాయగానే, చదివే మనిషికి ఇక్కడ అందరూ చేసే పని ఇదేనన్న కబురు అందుతుంది. తప్పు అన్న సంగతితో పాటు మామూలు అన్న సంగతి కూడా చేరుతుంది, మనిషి ప్రవర్తన రెండోదాని వైపే ఒరుగుతుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ ఉద్యానవనంలో దీన్ని పరీక్షించి చూశారు. అక్కడ రాయిగా మారిన పురాతన వృక్షాల ముక్కలను సందర్శకులు జేబులో వేసుకుని పోతుండేవారు. రాబర్ట్ సియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి బృందం గుర్తులు పెట్టిన ముక్కలను దారుల పక్కన ఉంచి రెండు రకాల పలకలు మార్చి మార్చి పెట్టింది. ఇంతకుముందు చాలామంది తీసుకెళ్లడం వల్ల అడవి పాడవుతోందని రాసిన పలక ఉన్నప్పుడు నూటికి దాదాపు ఎనిమిది ముక్కలు మాయమయ్యాయి. దయచేసి తీసుకెళ్లవద్దని మాత్రమే రాసినప్పుడు నూటికి రెండుకన్నా తక్కువ పోయాయి. బాధతో రాసిన వాక్యమే దొంగతనానికి తోడ్పడింది. మన గుడి పలకల్లో ఈ బాధ వాక్యం లేనిది అరుదు కాబట్టి దీని గురించి ఇంతసేపు చెప్పవలసి వచ్చింది.

రెండో చిక్కు చెత్త అన్న మాట. స్వామి మీది నుంచి తీసిన పువ్వు నిర్మాల్యం. దాన్ని కాలితో తొక్కకూడదని ఇంట్లో పిల్లలకు చెప్పుకునే మనం గుడి పలక మీద చెత్త అని రాస్తే వినేవారి చెవికి అది నిందలా తగులుతుంది. మూడో చిక్కు, ఆ అయిదు వాక్యాల్లో ఏం చేయాలో ఒక్కటీ లేదు. కవరు లేకపోతే మరి దేనిలో తేవాలో, ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా వద్దన్న మాట ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు దీన్ని రెండు పలకలుగా విడదీయాలి. దుకాణాల వీధి మొదట్లో పెట్టేది నడుస్తూ చదివేది కాబట్టి మూడు వాక్యాలు దాటకూడదు:

"శివయ్యకు దోసెడు పూలు, ఒక మారేడు దళం.
పూలు ఆకు దొప్పలో, కాయ బుట్టలో తీసుకురండి.
దొప్పలు, బుట్టలు ఈ వీధిలోని ప్రతి దుకాణంలో ఉన్నాయి."

ఇందులో ప్లాస్టిక్ అన్న పేరే రాలేదని గమనించండి. చేయవలసింది స్పష్టంగా ఉన్నప్పుడు చేయకూడనిది దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది. వరుసలో నిలబడినవారికి తీరిక ఉంటుంది కాబట్టి రెండో పలక నెమ్మదిగా మాట్లాడవచ్చు:

"భక్తులకు మనవి. మీరు తెచ్చే ప్రతి పువ్వూ స్వామి సన్నిధికి చేరాలని అర్చకస్వాముల కోరిక. దోసెడు పూలైతే అన్నీ స్వామి మీదికి చేరుతాయి. పూజ అయిన నిర్మాల్యం మన ఆలయ తోటకు ఎరువవుతుంది, ఆ తోటలోని మారేడు, గన్నేరు, తుమ్మి తిరిగి స్వామి పూజకు వస్తాయి. అందుకే పూలతో పాటు ప్లాస్టిక్ దారం, కవరు రాకుండా చూద్దాం. కవరు చేతిలో ఉంటే చెప్పుల స్టాండు దగ్గర ఇచ్చి దొప్ప తీసుకోవచ్చు. లక్షపత్రి, పుష్పార్చన మొక్కు ఉన్నవారు ఆలయ కార్యాలయంలో పేరు ఇస్తే వీలైన రోజున తీరికగా జరిపిస్తాం. తడిబట్టల కవరును మీతోనే ఇంటికి తీసుకువెళ్లండి."

తీసుకురండి, చూద్దాం, తీసుకోవచ్చు అన్న క్రియల వరుసలో రారాదు, చేయరాదు అన్న రూపం ఒక్కటీ లేదు. దయచేసి అన్న మాటను ప్రతి వాక్యంలో పెట్టడం కూడా నాకు నచ్చదు. రెండుసార్లు దాటితే అది మర్యాదలా కాక విసుగు దాచుకున్నట్టు వినిపిస్తుంది. చివర సంతకం అర్చకస్వాములు, ఆలయ కమిటీ అని ఇద్దరి పేరా ఉండాలి, అర్చకుల పేరు ముందు రావాలి.

ఈ పలకలో మూడు వాగ్దానాలు ఉన్నాయి: నిర్మాల్యం ఎరువవుతుంది, స్టాండు దగ్గర దొప్ప దొరుకుతుంది, మొక్కు తీర్చే ఏర్పాటు ఉంది. వీటిలో ఏది ఇంకా మొదలు కాకపోయినా ఆ వాక్యాన్ని తీసేయాలి. నిర్మాల్యం పంచాయతీ ట్రాక్టరులో డంపింగు యార్డుకు వెళ్తుండగా తోటకు ఎరువు అని రాస్తే, ఆ ట్రాక్టరును చూసిన మొదటి భక్తుడితోనే పలక విలువ పోతుంది.

ఎరువు పని క్లుప్తంగా చెబుతాను. పూలను కోనేటిలో కలపకపోవడానికి కారణం, అవి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆ కొరత వచ్చిందని అర్థం. కాబట్టి దండల్లోని నైలాను దారం, జరీ తళుకులు, అగరుబత్తి పెట్టెలు ముందుగా ఏరి, పూలకు సమానంగా ఎండుటాకులు కలిపి, పేడనీళ్లు చల్లి, పొరలు పొరలుగా గోతిలోనో ఇటుకల తొట్టెలోనో వేసి వారానికోసారి తిరగేస్తే సుమారు రెండు నెలల్లో నల్లని మట్టిగా మారుతుంది. దుర్వాసన వస్తే తడి ఎక్కువైందన్నమాట, మరిన్ని ఎండుటాకులు వేయాలి. రసాయన రంగులు కలిసిన కుంకుమ ఎక్కువగా పడిన పూలను వేరుగా ఉంచడం మంచిది. నైలాను దారం ఏరడం అన్నింటికన్నా విసుగు పుట్టించే పని. అందుకే దండలు కట్టేవారికి అరటినార గానీ నూలుదారం గానీ వాడమని పలక కన్నా ముందే చెప్పుకోవాలి.

అయిదో మెట్టు: పలకను దేనిమీద, ఎక్కడ, ఎంత అక్షరంతో

ప్లాస్టిక్ వద్దన్న మాటను ఫ్లెక్సీ మీద ముద్రించడం భక్తుల కళ్లముందే మాట తప్పడం. వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు కూడా పైన చెప్పిన నిషేధంలోనే ఉన్నాయి. నూలుగుడ్డ మీద పెయింటరుతో రాయించినా, గోడ మీద నేరుగా రాయించినా, రేకు మీద రాయించినా మేలే. గోడ రాతే ఎక్కువకాలం నిలుస్తుంది.

బోర్డుల పనిలో వాడే లెక్క ప్రకారం పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉండాలి. దుకాణాల వీధి పలకను ముప్పై అడుగుల నుంచి చదవాలి కాబట్టి మూడు అంగుళాల అక్షరం, వరుసలోని పలకకు అంగుళం అక్షరం సరిపోతాయి. మన లిపిలో పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు కలిసిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి వరుసల మధ్య అక్షరమంత ఖాళీ వదలమని పెయింటరుకు చెప్పాలి. పసుపు నేల మీద కుంకుమరంగు అక్షరాలు గుడికి అందంగా ఉంటాయి, తెల్లవారుజాము దీపాల వెలుతురులో కూడా కనిపిస్తాయి.

చదవడం రాని పెద్దవారికోసం దొప్పలో పూలు, బుట్టలో కొబ్బరికాయ ఉన్న బొమ్మ వేయించాలి. కవరు బొమ్మ మీద ఎర్రగీత కొట్టడం కన్నా ఇది మంచిది, చూడగానే ఏం చేయాలో తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఆలయాలకు ఒడిశా నుంచి వచ్చే భక్తులు ఎందరో. మొదటి పలకలోని మూడు వాక్యాలను ఒడియాలో కూడా రాయిస్తే వారిని గౌరవించినట్టు అవుతుంది. ఒడియా బాగా వచ్చినవారు చదివి సరిచూశాకే పెయింటరుకు ఇవ్వాలి.

ఆరో మెట్టు: పలక దగ్గర నిలబడే మనిషి

చెప్పుల స్టాండు పక్కన దొప్పల బల్ల దగ్గర కూర్చునే కార్యకర్త మాట పలకకన్నా పదునైనది, మేలుకైనా కీడుకైనా. కవరుతో వచ్చిన పెద్దావిడతో "అమ్మా, మీ పూలు ఈ దొప్పలో సర్ది ఇస్తాను, కవరు నాకిచ్చేయండి" అంటే ఆమె నవ్వుతూ చేయి చాపుతుంది. "బోర్డు చూడలేదా అమ్మా" అంటే అదే పని నొప్పిగా మారుతుంది. పూలను కార్యకర్త నేల మీద పెట్టకూడదు, చేతులు కడుక్కుని ఉండాలి, పూలు తాకడం ఇష్టం లేనివారికి దొప్పను మాత్రం అందించి వారినే సర్దుకోనివ్వాలి. ఎవరైనా ఇవ్వననుకుంటే వదిలేయాలి. వరుసలో వాదన మొదలైతే చుట్టూ ఉన్న యాభై మందికి ఆ గొడవే గుర్తుంటుంది.

మైకులో చెప్పేవారు కూడా పలకలోని మాటలనే చెప్పాలి. రాత్రంతా మేలుకున్న గొంతు తెల్లవారేసరికి కసురుకుంటుంది కాబట్టి ముందే నెమ్మదిగా రికార్డు చేసి వేయడం ఉత్తమం.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

సోమవారాన్ని సోమవారంతోనే పోల్చాలి. మొదటి మెట్టులో చేసినట్టే అదే చోట, అదే వేళ, అరగంట లెక్క తీయాలి. డెబ్బై కవర్లు నలభైకి తగ్గితే పలక పనిచేస్తోందన్నమాట. ద్వారం దగ్గర తగ్గి, మండపం స్తంభాల వెనుక, కోనేటి మెట్ల సందుల్లో కవర్లు పెరిగితే జనం భయపడి దాస్తున్నారని అర్థం. అప్పుడు మార్చవలసింది పలకను కాదు, దొప్పల బల్ల దగ్గరి మాటతీరును. వీధిలో తగ్గకుండా బల్ల దగ్గర మాత్రమే దొప్పలు ఎక్కువగా ఖర్చవుతుంటే దుకాణాలు ఇంకా కవర్లు ఇస్తున్నాయన్నమాట.

మూడో సోమవారానికి లెక్క బాగుంటే అప్పుడు రెండో పలక పైభాగంలో ఒక కొత్త వాక్యం చేర్చవచ్చు: "కిందటి సోమవారం స్వామి దర్శనానికి వచ్చినవారిలో సగానికి పైగా దొప్పల్లో, బుట్టల్లో పూలు తెచ్చారు." నలుగురూ చేస్తున్న మంచి పనిని చూపించే ఈ వాక్యానికి అరిజోనా పలకలోని బలమే ఉంది, ఈసారి అది మనకు అనుకూలంగా పనిచేస్తుంది. లెక్క నిజంగా సగం దాటిన తరువాతే దీన్ని రాయాలి, అంకెను ప్రతి వారం మార్చడానికి ఆ వరుసను మాత్రం సుద్దతో రాసే నల్లపలకగా ఉంచుకోవాలి.

కార్తీకం ముగిశాక వీధి పలకను అలాగే ఉంచి, వరుసలోని పలకను శివరాత్రికి తిరగరాయాలి. ఆ రోజు జాగరణ ఉంటుంది కాబట్టి మంచినీళ్ల సీసాల సంగతి కొత్తగా వచ్చి చేరుతుంది. దానికి కూడా మొదట కుండలు, గ్లాసులు, నీళ్లు పోసే మనిషి సిద్ధమయ్యాకే వాక్యం రాయాలి.